రాగి కప్పు చెప్పే తప్పు లెక్క

పదో తరగతి భౌతికశాస్త్రంలో ‘మిశ్రమాల పద్ధతి’ చదివినవారికి ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. వేడిచేసిన ఘనపదార్థాన్ని కెలోరీమీటరులో వేస్తారు. థర్మామీటరు ఎంతవరకు ఎక్కుతుందో చూసి, ఆ గరిష్ఠ ఉష్ణోగ్రతను రాసుకుంటారు. వేడి వస్తువు పోగొట్టుకున్న ఉష్ణం చల్లని వస్తువు పొందిన ఉష్ణానికి సమానమని సమీకరణం వేస్తే పదార్థం విశిష్టోష్ణం వచ్చేస్తుంది.

ఇప్పుడు కెలోరీమీటరులోని నీళ్లు తీసేద్దాం. పొడి రాగి కప్పు, అందులో పడే వేడి రాగి నాణెం, ఈ రెండే మిగిలాయి. ఇదే లెక్క ఇదే పద్ధతిలో చేస్తే జవాబు ఇరవై శాతం తక్కువ వస్తుంది. థర్మామీటరులో లోపం లేదు, కూడికల్లో పొరపాటు లేదు, ఉష్ణం ఎక్కడికీ మాయం కాలేదు. ‘గరిష్ఠ ఉష్ణోగ్రత చేరేసరికి రెండు వస్తువులూ ఒకే వేడికి వచ్చి ఉంటాయి’ అని మనం పైకి చెప్పకుండా ఒప్పేసుకున్న మాట ఉంది చూశారూ, తప్పులో కొంత అందులో ఉంది. అవి ఆ క్షణానికి ఒకే వేడిలో ఉండవు. ఎందుకుండవో, ఎంత తేడాలో ఉంటాయో రెండు చిన్న సమీకరణాలు చెబుతాయి.

అంకెలతో పోదాం. నాణెం 26 గ్రాముల రాగి బిళ్ళ. ఇప్పటి నాణేలతో పోలిస్తే బరువే గానీ, ఇంత నాణేలు లేకపోలేదు. 1797లో బర్మింగ్‌హామ్‌లోని మాథ్యూ బౌల్టన్ టంకశాల ముద్రించిన బ్రిటిష్ పెన్నీలో ఔన్సు రాగి, అంటే 28 గ్రాములకు పైనే, ఉండేది. కప్పు బరువు 156 గ్రాములు. ఆరు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు, ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైబడిన మందం. బల్లలోకి వేడి దిగిపోకుండా దాన్ని దారాలతో వేలాడదీశాం. గదిలో 30 డిగ్రీలు, కప్పూ 30 డిగ్రీల్లోనే ఉంది. నాణేన్ని 230 డిగ్రీలకు వేడిచేసి అందులో జారవిడిచాం.

ఒక గ్రాము రాగి ఒక డిగ్రీ వేడెక్కడానికి 0.385 జౌళ్లు కావాలి. ఆ లెక్కన నాణేనికి డిగ్రీకి 10 జౌళ్లు, కప్పుకు డిగ్రీకి 60 జౌళ్లు. వస్తువు ఉష్ణధారణ సామర్థ్యం అంటే ఇదే. నాణెం పది డిగ్రీలు, ఇరవై డిగ్రీలు దిగినా కప్పు ఎక్కేది అందులో ఆరో వంతే.

ఉష్ణం నడిచే దారులు రెండు. ఒకటి నాణెం నుంచి కప్పుకు. రాగి మీద రాగి కూర్చుంది కాబట్టి ఉష్ణం చటుక్కున దిగిపోతుందని అనిపిస్తుంది, కానీ అలా జరగదు. రెండు లోహపు పలకలు ఒకదానిమీద ఒకటి ఊరికే ఆనితే నిజంగా తగిలేది కొద్ది బిందువుల దగ్గరే. మిగతా చోటంతా మిల్లీమీటరులో పదో వంతు కన్నా పలచని గాలి పొర ఉంటుంది. రాగితో పోలిస్తే గాలి ఉష్ణవాహకత పదివేల రెట్లకు మించి తక్కువ. అందుకే రెండింటి మధ్య డిగ్రీ తేడాకు సెకనుకు 0.4 జౌళ్లు మాత్రమే దాటుతున్నాయని పెట్టుకుందాం. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పున్న నాణేనికి ఇది సబబైన అంకె. రెండో దారి కప్పు నుంచి గాలిలోకి. కప్పు లోపలా బయటా కలిపి రెండువందల చదరపు సెంటీమీటర్లు. నిశ్చలంగా ఉన్న గదిలో ఈ దారిన డిగ్రీకి సెకనుకు 0.2 జౌళ్లు పోతాయి. నాణెం పైముఖం నుంచి నేరుగా గాలిలోకి పోయేది ఇందులో ఇరవయ్యో వంతు. దాన్ని వదిలేస్తున్నాను.

ఇక సెకను సెకనుకూ పద్దు రాయవచ్చు. మొదట తేడా 200 డిగ్రీలు. మొదటి సెకనులో 80 జౌళ్లు దాటాయి. నాణెం ఎనిమిది డిగ్రీలు దిగి 222కు వచ్చింది. అవే 80 జౌళ్లు కప్పును ఒకటిం పావు డిగ్రీకి కాస్త ఎక్కువగా పెంచి 31.3 చేశాయి. రెండో సెకనుకు తేడా 190.7కు తగ్గింది, దాటిన ఉష్ణం 76 జౌళ్లకు తగ్గింది. పైగా ఇప్పుడు కప్పు గదికన్నా కాస్త వేడి కాబట్టి అది కూడా గాలికి చిటికెడు పోగొట్టుకోవడం మొదలుపెట్టింది. నాణెం ఎంత దిగాలో చెప్పాలంటే కప్పు వేడి తెలియాలి. కప్పు ఎంత ఎక్కాలో చెప్పాలంటే నాణెం వేడి తెలియాలి. ఏ ఒక్కదాన్నీ విడిగా లెక్కించలేం. ఈ ముడినే గణితంలో ఇలా రాస్తారు:

C₁ dT₁/dt = −K (T₁ − T₂)

C₂ dT₂/dt = K (T₁ − T₂) − H (T₂ − Tₐ)

T₁ నాణెం ఉష్ణోగ్రత, T₂ కప్పుది, Tₐ గదిది. C₁, C₂ వాటి ఉష్ణధారణ సామర్థ్యాలు. K, H ఇప్పుడు చెప్పిన రెండు దారులు. మొదటి వరుస నాణెం ఖర్చు. రెండో వరుసలో మొదటి ముక్క కప్పు రాబడి, రెండోది దాని ఖర్చు. నాణెం ఖర్చూ కప్పు రాబడీ ఒకే ముక్క కావడమే ఈ జంట సమీకరణాల ఆయువుపట్టు. రెండో వరుసలో K ముక్క తీసేస్తే, ఒంటరిగా చల్లారే వస్తువు గురించి న్యూటన్ 1701లో ప్రచురించిన శీతలీకరణ నియమం మిగులుతుంది.

వీటిని సాధిస్తే కప్పు ఉష్ణోగ్రత గదికన్నా ఎంత ఎక్కువో చెప్పే సూత్రం వస్తుంది:

T₂ − 30 = 30.07 (e^(−t/354) − e^(−t/21.2))

నాణేనిదీ ఇలాంటి సూత్రమే, గుణకాలు మాత్రం వేరు:

T₁ − 30 = 32.35 e^(−t/354) + 167.65 e^(−t/21.2)

గుణకాల కన్నా ఆ రెండు కాలాలు ముఖ్యం: 21.2 సెకన్లు, 354 సెకన్లు. ఇవి నాణేనికి ఒకటి, కప్పుకు ఒకటి కావు. ఒక్కో సూత్రంలో రెండూ ఉన్నాయి. 21 సెకన్లది నాణెం, కప్పు తమలో తాము పంచుకునే కాలం. 354 సెకన్లది, అంటే ఆరు నిమిషాలకు ఆరు సెకన్లు తక్కువ, పంచుకున్నాక రెండూ కలిసి ఒకే వస్తువులా గదిలోకి చల్లారే కాలం. దీన్ని సరిచూసుకోవడం తేలిక. రెండూ కలిసి 70 జౌళ్ల వస్తువు, గాలికి పోయే దారి 0.2. డెబ్భైని 0.2తో భాగిస్తే 350. సమీకరణం చెప్పింది 354. ఆ నాలుగు సెకన్ల తేడా ఎందుకొచ్చిందో కాసేపట్లో తెలుస్తుంది.

ముందు గరిష్ఠం సంగతి. నాణెం ఇస్తున్నది, గాలి పట్టుకుపోతున్నది సరిగ్గా సమానమైన క్షణంలో కప్పు ఎక్కడం ఆపుతుంది. మన అంకెలతో అది 63వ సెకను దాటీదాటగానే. అప్పుడు కప్పు 53.6 డిగ్రీల్లో ఉంది. నాణెం 65.4లో ఉంది. ఇంకా పన్నెండు డిగ్రీలు ఎక్కువ! ఆ పన్నెండు డిగ్రీల తేడాకు 0.4 చొప్పున సెకనుకు 4.7 జౌళ్లు కప్పులోకి దిగుతున్నాయి. గదికన్నా 23.6 డిగ్రీలు ఎక్కువున్న కప్పు నుంచి 0.2 చొప్పున అవే 4.7 జౌళ్లు గాలిలోకి పోతున్నాయి. కాబట్టి గరిష్ఠం అంటే రెండు వస్తువులూ సమానమైన క్షణం కాదు, కప్పుకు రాబడీ ఖర్చూ సమానమైన క్షణం. రెండూ సమానమై ఉంటే నాణెం నుంచి ఏమీ దిగదు, కప్పు అప్పటికే చల్లారుతూ ఉంటుంది.

మాట వచ్చింది కాబట్టి, అవి ఎప్పటికైనా సమానమవుతాయా? ఆ గది వేడికి చేరేదాకా కావు. రెండు నిమిషాలకు నాణెం 53.6, కప్పు 51.3. అయిదు నిమిషాలకు 43.9, 42.9. పది నిమిషాలకు 35.9, 35.5. తేడా చిక్కిపోతూ వస్తుంది, కానీ గది కన్నా ఎంత ఎక్కువో చూస్తే కప్పు ఎప్పుడూ నాణెంలో 93 శాతం దగ్గరే నిలుస్తుంది. నాణెంలో మిగిలిన ఉష్ణం బయటికి పోవాలంటే కప్పులోంచే పోవాలి. అది కదలాలంటే తేడా ఉండాలి. అందుకే చల్లారుతున్నంత సేపూ నాణెం ఒక అడుగు వెనకే ఉంటుంది. 350 కాస్తా 354 అయింది ఈ వెనకబాటు వల్లనే.

ఇప్పుడు పాఠ్యపుస్తకం లెక్క వేద్దాం. నాణెం ఉష్ణధారణ మనకు తెలియదనుకోండి. కప్పు 23.6 డిగ్రీలు ఎక్కింది, అంటే 60 రెట్లు, 1,417 జౌళ్లు పొందింది. నాణెం 230 నుంచి 53.6కు దిగిందని అనుకుంటాం, అంటే 176.4 డిగ్రీలు. భాగిస్తే డిగ్రీకి 8.03 జౌళ్లు. నిజమైనది 10. ఇరవై శాతం తక్కువ. రెండు పొరపాట్లు ఒకేవైపు లాగాయి. కప్పు ఆ నిమిషంలో గాలికి పోగొట్టుకున్నది లెక్కలోకి రాలేదు. నాణెం తనలోనే ఉంచుకున్న పన్నెండు డిగ్రీల సొమ్మును ఇచ్చేసినట్టు రాసుకున్నాం.

దీన్ని సవరించాలనుకునేవాళ్లు సాధారణంగా చేసే పని ఒకటుంది. కప్పు దిగుతున్న వంపును గ్రాఫ్ మీద వెనక్కి, నాణెం పడిన క్షణం దాకా పొడిగిస్తారు. ‘గాలికి నష్టమే లేకపోతే ఇంత ఎక్కేది’ అని అక్కడి అంకె తీసుకుంటారు. మన సూత్రంలో ఆ అంకె తయారుగానే ఉంది: గదికన్నా 30.07 డిగ్రీలు ఎక్కువ. దాంతో లెక్కేస్తే 10.6 వస్తుంది. ఈసారి ఆరు శాతం ఎక్కువ! కారణం ఊహించవచ్చు. కప్పు మొదటి క్షణం నుంచీ పూర్తి వేడిలో ఉండి గాలికి నష్టపోతూ వచ్చిందని ఈ పొడిగింపు భావిస్తుంది. నిజానికి మొదటి సెకన్లలో కప్పు చల్లగా ఉంది, నష్టమూ స్వల్పమే. జరగని నష్టాన్ని కూడా తిరిగి కలిపేశాం.

అయితే ఎంతవరకు వెనక్కి పోవాలి? పడిన క్షణానికీ గరిష్ఠానికీ మధ్య ఎక్కడో ఆగాలి. ఇంధనాల, ఆహారపదార్థాల దహనోష్ణం కొలిచే బాంబు కెలోరీమీటర్ల దగ్గర ఇదే చిక్కు వచ్చింది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసిన డికిన్సన్ 1915లో ప్రచురించిన పనిలోంచి ఒక సులువైన నియమం వాడుకలోకి వచ్చింది: ఉష్ణోగ్రత పెరుగుదలలో దాదాపు 60 శాతం పూర్తయిన క్షణం దాకానే వెనక్కి పొడిగించాలి. మన కప్పు మీద పరీక్షిద్దాం. 23.6లో 60 శాతం 14.2. కప్పు ఆ మేరకు ఎక్కేది పదిహేనో సెకను దాటగానే. చల్లారే వంపును అక్కడిదాకా పొడిగిస్తే గదికన్నా 28.8 డిగ్రీలు. దాంతో వచ్చే ఉష్ణధారణ 10.09. తప్పు ఒక్క శాతం లోపు. సమీకరణం ఒక్కటీ సాధించకుండా, స్కేలూ పెన్సిలుతో ఇంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అంత చక్కగా ఎందుకు పనిచేస్తుందంటే, వేగంగా మారే భాగం ఒక కాలప్రమాణంలో, మనకైతే 21 సెకన్లలో, 63 శాతం పూర్తవుతుంది. ఆ క్షణానికి ముందు జరగని నష్టం, తర్వాత జరిగిన అదనపు నష్టం ఒకదాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి.

గీతలతో దిద్దుకోవడం ఇష్టం లేకపోతే ప్రయోగాన్నే మార్చవచ్చు. నాణెం కింద ఒక్క చుక్క వంటనూనె వేయండి. నీళ్లు పనికిరావు, 230 డిగ్రీల నాణెం కింద అవి ఎగిరి ఆవిరైపోతాయి, పోతూ ఉష్ణం పట్టుకుపోతాయి. నూనె ఆ గాలి పొర చోటును నింపుతుంది. గాలికన్నా దానికి ఉష్ణవాహకత దాదాపు అయిదు రెట్లు. K 0.4 నుంచి 2కు పెరిగిందనుకుంటే, పంచుకునే కాలం 21 సెకన్ల నుంచి నాలుగింటి దాకా పడిపోతుంది. చల్లారే కాలం మాత్రం 351 సెకన్ల దగ్గరే ఉంటుంది. గరిష్ఠం పంతొమ్మిదో సెకనుకే వస్తుంది, కప్పు 57 డిగ్రీలు చూపిస్తుంది. ఏ సవరణా లేకుండానే ఉష్ణధారణ 9.4 వస్తుంది.

ఎదురు పరీక్ష కావాలంటే సీలింగ్ ఫ్యాన్ వేయండి. గాలికి పోయే దారి రెట్టింపయిందనుకుందాం. పంచుకునే కాలం 21 సెకన్ల దగ్గరే ఉంటుంది. చల్లారే కాలం 354 నుంచి 179కి, అంటే సగానికి పడుతుంది. గరిష్ఠం 51 డిగ్రీలకు దిగుతుంది. నూనె ఒక కాలాన్నే ముట్టుకుంది, ఫ్యాన్ రెండోదాన్నే ముట్టుకుంది. చేతిలో ఉన్నది కప్పు ఉష్ణోగ్రతల పట్టిక ఒక్కటే అయినా ఏ దారిలో ఏం మారిందో కనిపెట్టగలగడం ఇందువల్లే. గదికన్నా ఎంత ఎక్కువో దాని లాగరిథమ్‌ను కాలానికి ఎదురుగా గీస్తే రెండు నిమిషాల తర్వాత అది తిన్నని గీతగా మారాలి. ఆ వాలు చల్లారే కాలాన్ని ఇస్తుంది. ఆ గీతను వెనక్కి పొడిగించి, మొదటి నిమిషపు రీడింగులను దాన్నుంచి తీసేస్తే మిగిలేది ఇంకో తిన్నని గీత. దాని వాలులో పంచుకునే కాలం ఉంటుంది. చివరి గీత తిన్నగా రాకుండా వంగితే, గది ఉష్ణోగ్రత నిలకడగా లేదనో, ఎవరో మధ్యలో ఫ్యాన్ వేశారనో అర్థం.

కంప్యూటర్లో ఈ పద్దు రాసేవారికి ఒక హెచ్చరిక. సెకనుకోసారి కాకుండా, పని తగ్గుతుందని నిమిషానికోసారి లెక్కేస్తే ఏమవుతుందో చూడండి. మొదటి సెకను వేగంతోనే నిమిషమంతా దిగినట్టు రాసుకుంటాం. నాణెం 230 నుంచి ఒక్క గంతులో సున్నా కింద 250 డిగ్రీలకు పడిపోతుంది. కప్పు 110కి ఎగబాకుతుంది. మరుసటి నిమిషంలో నాణెం వెనక్కి ఎగిరి 600 డిగ్రీలు దాటుతుంది. ఇందులో భౌతికశాస్త్రం ఏమీ లేదు, అడుగు మరీ పెద్దదైపోయింది, అంతే. మన దృష్టి ఆరు నిమిషాల చల్లారడం మీదే ఉన్నా, అడుగు పొడవును మాత్రం 21 సెకన్ల కాలమే శాసిస్తుంది. దాని రెట్టింపు, 42 సెకన్లు దాటితే లెక్క ఊగిసలాడుతూ పేలిపోతుంది. నమ్మదగిన జవాబు కావాలంటే ఒకటి రెండు సెకన్లకు మించకూడదు.

ఇంతసేపూ నాణేనికి ఒకే ఉష్ణోగ్రత, కప్పుకు ఒకే ఉష్ణోగ్రత అని మాట్లాడుకున్నాం. ఇంజినీర్లు దీన్ని లంప్డ్ నమూనా అంటారు. నాణెం విషయంలో ఈ ఊహకు ఢోకా లేదు. మూడు మిల్లీమీటర్ల రాగిలో పైనుంచి కిందికి ఉష్ణం పాకడం, కింది గాలి పొరను దాటడంతో పోలిస్తే కొన్ని వందల రెట్లు సులువు. ఈ పోలికకు బయట్ సంఖ్య అని పేరు. అది 0.1 కన్నా తక్కువైతే ఒకే ఉష్ణోగ్రత అనుకోవచ్చని వాడుక. మన నాణేనికి 0.003 దగ్గర ఉంటుంది.

కప్పు విషయంలో అంత ధీమా పనికిరాదు. నాణెం అడుగున కూర్చుంది, ఉష్ణం గోడ వెంట అంచుదాకా పాకాలి. నాలుగు సెంటీమీటర్ల రాగి గోడలో అది సర్దుకోవడానికి అయిదారు సెకన్లు పడుతుంది. 21 సెకన్లతో పోలిస్తే తక్కువే కాబట్టి మొదటి కొన్ని సెకన్లను వదిలేస్తే నమూనా నిలబడుతుంది. నూనె చుక్క వేశాక మాత్రం పంచుకునే కాలమే నాలుగు సెకన్లు. అక్కడ గోడకు కావలసిన సమయం కన్నా పంపకం ముందే అయిపోతోంది. ఆ నాలుగు సెకన్ల అంకెను అక్షరాలా నమ్మకూడదు. తర్వాతి చల్లారే కాలానికి మాత్రం ఏ బాధా లేదు.

అదే కొలతల్లో స్టీలు కప్పు తీసుకుంటే కథే మారిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణవాహకత రాగిలో పాతికో వంతు. గోడ సర్దుకోవడానికి రెండు నిమిషాలకు పైగా కావాలి. గరిష్ఠం వచ్చే సమయానికి అడుగు చుర్రుమంటుంటే అంచును హాయిగా పట్టుకోవచ్చు. థర్మామీటరును అడుగున అంటిస్తే ఒక గరిష్ఠం, అంచున అంటిస్తే ఇంకో గరిష్ఠం, అదీ వేర్వేరు సమయాల్లో వస్తాయి. మీ నమూనా చెల్లుతుందో లేదో తేల్చే పరీక్ష కూడా ఇదే: రెండు చోట్ల రెండు థర్మామీటర్లు పెట్టండి. అవి ఒకే మాట చెబితే రెండు సమీకరణాలు చాలు. చెప్పకపోతే కప్పును అడుగు, కింది గోడ, పై గోడ అని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో సమీకరణం రాసి, పక్క ముక్కతో ముడిపెట్టుకుంటూ పోవాలి.